గంటకు డెబ్బై దోశలు

మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ఇనుప పెనం మీద ఒక్కసారికి ఆరు దోశలు పడతాయి. ఎంత చేయి తిరిగిన దోశ మాస్టరైనా పిండి పోసి, నూనె చిలకరించి, కాల్చి, మడిచి, పెనం తుడిచి మళ్లీ పిండి అందుకునేసరికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. లెక్కన గంటకు ఎనభై రావాలి. మధ్యలో కారం దోశలు, ఉప్మా పెసరట్లు తగిలితే వేగం తగ్గుతుంది కాబట్టి డెబ్బై దగ్గర ఆగుతుంది. హైదరాబాద్‌లో ఒక చిన్న ట్రక్కు కొని టిఫిన్లు అమ్మాలనుకునే వ్యక్తి అన్నిటికంటే ముందు కాగితం మీద రాసుకోవాల్సిన అంకె ఇదే.

హోటల్‌కి ఈ అంకె అంత ముఖ్యం కాదు. పొద్దున ఆరింటికి తెరిస్తే రాత్రి పదింటి దాకా అమ్ముకోవచ్చు. ఉదయం తోపులాటలో వెనక్కి వెళ్లిపోయినవాళ్లు మధ్యాహ్నమో మర్నాడో మళ్లీ వస్తారు. ఫుడ్ ట్రక్కు అమ్మేది జనం గుమిగూడిన ఆ మూడు నాలుగు గంటలే. కచేరీ ముగిసిందంటే మైదానం ఖాళీ. ఆఫీసు భోజన విరామం రెండింటికి అయిపోతే కిటికీ ముందు నిలబడేవాళ్లు ఉండరు. ఆ గడువులో ఎన్ని ప్లేట్లు కిటికీ దాటాయన్నదే ఆ రోజు సంపాదన. మెనూ ఎంత ఉండాలి, బ్యాటరీ ఎంత పెద్దది కావాలి, నీళ్లు ఎన్ని మోయాలి, ఏ ఈవెంట్‌కి ఎంత అద్దె కట్టొచ్చు అన్న ప్రశ్నలన్నీ ఈ గంట లెక్క దగ్గరికే వస్తాయి.

మెనూ విషయంలో కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పని ఒకటుంది. బండి పక్కన పెద్ద బోర్డు కట్టి దోశ, నూడుల్స్, ఫ్రైడ్ రైస్, శాండ్‌విచ్, మిల్క్‌షేక్ అన్నీ రాస్తారు. రకాలు ఎక్కువుంటే గిరాకీ ఎక్కువొస్తుందని వాళ్ల ఆశ. బండి లోపల జరిగేది వేరు. దోశకు పెనం కావాలి, నూడుల్స్‌కు పెద్ద మంట బర్నరు మీద కడాయి కావాలి, మిల్క్‌షేక్‌కి మిక్సీ, ఫ్రిజ్ కావాలి. ఆరేడడుగుల స్థలంలో ఇవన్నీ పెడితే ఇద్దరు మనుషులు ఒకరినొకరు రాసుకోకుండా తిరగలేరు. ఒక ఫ్రైడ్ రైస్ ఆర్డరు రాగానే మాస్టర్ పెనం వదిలి కడాయి దగ్గరికి వెళ్తాడు. ఆ మూడు నిమిషాల్లో పెనం ఖాళీగా కాలుతుంటుంది, నాలుగైదు దోశలు పడాల్సిన సమయం పోతుంది. ఒక్క ప్లేటు అమ్మి నాలుగు పోగొట్టుకున్న ఆ బేరం సాయంత్రం గల్లా లెక్కపెట్టినప్పుడు కనిపించదు. అందుకే అది ప్రమాదకరం.

చిన్న మెనూ అంటే నాలుగు పేర్లే ఉండాలని కాదు. ఒకే పెనం, ఒకే పిండి, ఒకే జత చట్నీలతో తయారయ్యే రకాలు ఉండాలి. దోశ పిండి ఒకటే ఉంటే ప్లెయిన్ దోశ, ఉల్లి దోశ, కారం దోశ, ఉప్మా దోశ వస్తాయి. పక్కనే చిన్న గిన్నెలో పెసర పిండి ఉంటే ఉప్మా పెసరట్టు కూడా అదే పెనం మీద పడుతుంది. ఉప్మా ఒకసారి వండి వేడిగా పెట్టుకుంటే రెండు రకాలకు పనికొస్తుంది, విడిగానూ అమ్ముడవుతుంది. బోర్డు మీద ఆరు పేర్లున్నా మాస్టర్ చేతుల కదలిక ఒకటే. హైదరాబాద్‌లో మొజంజాహీ మార్కెట్ దగ్గరి రామ్ కీ బండీ, చార్మినార్ పక్కన గోవింద్ దోశ పేరు తెచ్చుకున్నది ఈ పద్ధతిలోనే. అక్కడ ప్రధానంగా కనిపించేవి పెనం, పిండి, ఉప్మా, వెన్న, కారప్పొడి. వాటినే రకరకాలుగా కలుపుతారు. ఇడ్లీని కూడా పెనం మీదే వేయించి ఇస్తారు.

ఫుడ్ ట్రక్కుకు ప్రపంచమంతటా పేరు తెచ్చిన కోగీ కూడా ఇలాగే మొదలైంది. 2008 చివర్లో లాస్ ఏంజెలెస్‌లో రాయ్ చోయ్, ఆయన భాగస్వాములు ఆ ట్రక్కు పెట్టారు. కొరియా పద్ధతిలో నానబెట్టి కాల్చిన మాంసాన్ని మెక్సికో వాళ్ల టాకోలో పెట్టి ఇవ్వడం దాని ప్రత్యేకత. ట్రక్కు ఏ రాత్రి ఎక్కడ ఆగుతుందో ట్విట్టర్‌లో చెప్పేవారు, జనం అక్కడికి వచ్చి వరస కట్టేవారు. వంటకం కొత్తదే కానీ తయారీ ఒక్కటే: కాల్చడం, చుట్టడం, చేతికివ్వడం. నిలబడి ఒక చేత్తో తినగలిగేది కావడం కూడా చిన్న విషయమేం కాదు. సాంబారు గిన్నె, రెండు చట్నీలు, చెంచా పట్టుకుని మైదానంలో నిలబడ్డ మనిషికి మూడో చెయ్యి కావాలి. అందుకే ఈవెంట్లలో దోశను ముక్కలుగా కోసి కాగితపు ట్రేలో పెట్టి, పైన చట్నీ వేసి ఇచ్చే పద్ధతి బాగా నడుస్తుంది.

మెనూలో ఏది ఉండకూడదో వేసవి చెబుతుంది. కొబ్బరి చట్నీ ఎండాకాలం మధ్యాహ్నం రెండు మూడు గంటల్లో పులిసిపోతుంది. పల్లీ చట్నీ కొంచెం మెరుగు. అల్లం పచ్చడి, కారప్పొడి రోజంతా నిలుస్తాయి. దోశ పిండి అంతకంటే తొందరపెడుతుంది. నలభై డిగ్రీల ఎండలో బండిలో పెట్టిన పిండి పొంగి, పుల్లబడి, పెనం మీద సరిగ్గా సాగదు, రంగు మారుతుంది. చల్లగా ఉంచాల్సినవి ఐదు డిగ్రీల లోపు, వేడిగా ఉంచాల్సిన శాకాహారం అరవై డిగ్రీల పైన, మాంసాహారం అరవై ఐదు పైన ఉండాలన్నది ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ సూచన. ఈ రెండు అంకెల మధ్యలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. గుచ్చి చూసే చిన్న థర్మామీటరు నాలుగైదు వందలకు దొరుకుతుంది. ఉప్మా గిన్నెలో గంటకోసారి దాన్ని ముంచి చూడటం ఊహ మీద ఆధారపడటం కంటే నయం.

చల్లదనం అనగానే కరెంటు ప్రశ్న వస్తుంది. ఇక్కడ తొందరపడి జనరేటర్ కొనే ముందు ఒక సాయంత్రం ఖర్చయ్యే కరెంటును లెక్కేసి చూడాలి. ఎల్‌ఈడీ దీపాలు నాలుగు కలిపి నలభై వాట్లు, పొగ లాగే ఫ్యాను యాభై వాట్లు. చిన్న డీప్ ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ సగటున అరవై వాట్లు తీసుకుంటుందనుకుందాం. ఐదు గంటలకు దీపాలు 200, ఫ్యాను 250, ఫ్రిజ్ 300 వాట్-అవర్లు. నీళ్ల పంపు, ఫోను చార్జింగు, డబ్బులు వచ్చాయని చెప్పే సౌండ్ బాక్స్ కలిపి ఇంకో 50. మొత్తం 800. ఇన్వర్టర్ తన వంతు పదిహేను శాతం మింగితే 900 దాటుతుంది.

ఇళ్లల్లో ఇన్వర్టర్‌కి వాడే 150 ఏహెచ్ బ్యాటరీ మీద పన్నెండు వోల్టులని రాసి ఉంటుంది. రెండూ గుణిస్తే 1800 వాట్-అవర్లు. కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే దాని ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది. కాబట్టి నిజంగా వాడుకోదగ్గది 900. పైన లెక్క సరిగ్గా ఆ గీత మీదే ఉంది. రెండేళ్ల తర్వాత బ్యాటరీ కొంత బలహీనపడ్డాక రాత్రి తొమ్మిదింటికి, అంటే గిరాకీ మంచి ఊపులో ఉన్నప్పుడు, దీపాలు ఆరిపోతాయి.

దీనికి తేలిక మార్గం ఫ్రిజ్‌ని బండిలోంచి తీసేయడం. మందపాటి గోడలున్న ఐస్ పెట్టెలో పది కిలోల మంచు వేసుకుంటే, అది కరుగుతూ పీల్చుకునే వేడి దాదాపు 0.9 యూనిట్ విద్యుత్తుతో సమానం. పిండిని ముందే బేస్ కిచెన్ ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి, మూత గట్టిగా ఉండే స్టీలు డబ్బాల్లో పోసి మంచులో కూర్చోబెడితే ఒక సాయంత్రానికి సరిపోతుంది. ఒక డబ్బా అయ్యాకే రెండోది తెరవాలి. కరిగిన నీళ్లు పిండిలోకి పోకుండా డబ్బాలు ఎత్తు మీద ఉండాలి. ఫ్రిజ్ పోయాక కరెంటు అవసరం 600 లోపు దిగుతుంది, అదే బ్యాటరీ నిశ్చింతగా నడుస్తుంది. ఐస్‌క్రీమ్, చికెన్ లాంటివి అమ్మేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. మెనూ ఎంచుకున్నప్పుడే కరెంటు ఖర్చును కూడా ఎంచుకున్నట్టని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

వేడి పుట్టించే పని బ్యాటరీకి అసలు అప్పగించకూడదు. రెండు వేల వాట్ల ఇండక్షన్ స్టవ్ ఆ బ్యాటరీని అరగంటలోపే పిండేస్తుంది. 750 వాట్ల మిక్సీ కొద్దిసేపే నడిచినా మోటారు తిరగడం మొదలైన క్షణంలో అంతకు రెండు మూడింతలు లాగుతుంది, చిన్న ఇన్వర్టర్ అక్కడే చేతులెత్తేస్తుంది. చట్నీలు బేస్ కిచెన్‌లోనే రుబ్బుకుని రావాలి. పెనం కింద మంట గ్యాసుదే.

గ్యాసు సంగతి ఒక్క పేరాలో చెప్పుకున్నా తేలిగ్గా తీసుకోకూడదు. వ్యాపారానికి వాడాల్సింది 19 కిలోల సిలిండర్. ఇంటి 14.2 కిలోల సిలిండర్ వాడటం చట్టవిరుద్ధం. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోకుండా నేల మీద పేరుకుంటుంది. అందుకే సిలిండర్ గదికి గాలి కన్నాలు పైన కాక అడుగున ఉండాలి. ఆ గది తలుపు బండి బయటి వైపు తెరుచుకోవాలి, సిలిండర్ నిటారుగా గొలుసుతో బిగించి ఉండాలి, బండి కదిలే ముందు వాల్వు మూసేయాలి. పెద్ద మంట మీద సిలిండర్ అడుగున చెమట పట్టి, ఆపైన మంచు పేరుకుంటే గ్యాసు తయారయ్యే వేగం కంటే ఎక్కువ లాగుతున్నారని అర్థం. మంట మెల్లగా సన్నబడుతుంది, మాస్టర్ పెనం బాగోలేదనుకుంటాడు. రెండు సిలిండర్లను జతచేస్తే ఆ ఇబ్బంది పోతుంది.

జనరేటర్ తప్పనిసరైతే రెండు కేవీఏ అని రాసి ఉన్నదాని నుంచి పదహారు వందల వాట్లకు మించి ఆశించకూడదు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన తెలియదు. బండి లోపల గానీ కిటికీ కింద గానీ పెట్టకూడదు. చాలా ఈవెంట్లలో శబ్దం కారణంగా దాన్ని ఒప్పుకోరు, నిర్వాహకులే కరెంటు ఇస్తామంటారు. అప్పుడు అడగాల్సింది ‘కరెంటు ఉందా’ అని కాదు, ఎన్ని ఆంపియర్లు అని. 16 ఆంపియర్ల సాకెట్ అయితే మూడున్నర కిలోవాట్ల దాకా వస్తుంది. ఆరు ఆంపియర్లదైతే పద్నాలుగు వందల వాట్లు కూడా దాటదు. ఒకే తీగ మీద పది స్టాళ్లు వేలాడుతుంటే పక్కవాడి ఫ్రయ్యర్ ఆన్ చేసినప్పుడల్లా మన దీపాలు మసకబారతాయి. ఆ మసకే హెచ్చరిక. ట్రక్కు శరీరం మొత్తం ఇనుము కాబట్టి లీకేజీ వస్తే కిటికీ దగ్గర చెయ్యి పెట్టిన కస్టమర్‌కి షాక్ తగులుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ లేకుండా బయటి కరెంటు తీసుకోకూడదు.

నీళ్ల లెక్క బరువు లెక్క. లీటరు నీళ్లు కిలో బరువు. 2005లో వచ్చినప్పటి నుంచి చిన్న వ్యాపారులకు అందుబాటులో ఉన్న టాటా ఏస్ లాంటి బండి మోయగలిగేది సుమారు 750 కిలోలు. అందులోంచి ఇనుప గది, కిటికీ, బల్లలకు మూడు వందలు పోతాయి. పన్నెండు మిల్లీమీటర్ల మందం పెనం ఒక్కటే యాభై కిలోలు. రెండు నిండు సిలిండర్లు డెబ్బై, బ్యాటరీ యాభై పైన, పిండి, ఉల్లిపాయలు, చట్నీలు, మంచు కలిపి ఇంకో డెబ్బై ఎనభై. ఇక నీళ్లకు మిగిలేది రెండు వందల లోపే. అదీ సహాయకుడు వేరే బండి మీద వస్తే.

రెండు వందల ప్లేట్ల సాయంత్రానికి ఎన్ని నీళ్లు కావాలి? స్టీలు ప్లేట్లలో పెట్టి కడిగితే ప్లేటుకు రెండు లీటర్ల చొప్పున నాలుగు వందల లీటర్లు, అంటే బండి మోసే బరువులో సగానికి పైగా. కాగితపు ట్రే గానీ వక్క ప్లేటు గానీ వాడితే ఆ నీళ్లు మొత్తం ఆదా. ప్లేటుకు నాలుగైదు రూపాయలు పోయినా ఇది తప్పని ఖర్చు. మిగిలినవి చూస్తే, ఇద్దరు మనుషులు గంటకు ఐదారుసార్లు చేతులు కడుక్కుంటే నాలుగు గంటలకు నలభై లీటర్లు, గరిటెలు, గిన్నెలు కడగడానికి నలభై, బల్లలు తుడవడానికి, పెనం మీద చల్లడానికి ఇరవై. వంద లీటర్లతో సాయంత్రం గడుస్తుంది. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్లు రెండు విడిగా.

నీళ్లు తక్కువపడుతున్నాయని మొదట తెలిసేది చేతుల దగ్గరే. ట్యాంకు అడుగంటుతుంటే మనుషులు తెలియకుండానే చేతులు కడగడం మానేసి గుడ్డకు తుడుచుకుంటారు. డబ్బులు లెక్కపెట్టిన చెయ్యే ఉల్లిపాయలు చల్లుతుంది. తినేవాళ్లకు అది కనిపిస్తుంది, కనిపించకపోయినా కడుపుకు తెలుస్తుంది. అందుకే చేతుల నీళ్లకు వేరే చిన్న ట్యాంకు పెట్టడం మంచిది. గిన్నెల నీళ్లు అయిపోయినా చేతుల నీళ్లు మిగలాలి. డబ్బు తీసుకునే మనిషి వంట వైపు రాకుండా ఉంటే ఇంకా మంచిది.

వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయన్నది చాలామంది బండి కట్టించేటప్పుడు మర్చిపోయే విషయం. సింకు కింద బకెట్ పెడితే రెండో గంటకే నిండి పొర్లుతుంది. అమెరికా ఆహార నియమావళిలో మురుగు ట్యాంకు మంచినీళ్ల ట్యాంకు కంటే పదిహేను శాతం పెద్దదిగా ఉండాలని ఉంది. మంచు కరిగిన నీళ్లు, వంపేసిన టీ, చట్నీ కడిగిన నీళ్లు కూడా చేరతాయి కాబట్టి ఆ అదనం అవసరమే. మన దగ్గరా ఈ కొలతే పెట్టుకుంటే వంద లీటర్లకు నూటపదిహేను. సింకులోకి పోయే ముందు జల్లెడతో పిండి తుక్కు, ఉల్లి ముక్కలు ఆపకపోతే మర్నాటికి ట్యాంకు కంపు కొడుతుంది. ఆ నీళ్లను వాన కాలువలో వంపకుండా బేస్ కిచెన్ మురుగులోనే వదలాలి. మైదానంలో వంపితే ఆ నిర్వాహకుడు మళ్లీ పిలవడు.

ట్యాంకు ఎక్కడ బిగించారన్నది కూడా పట్టించుకోవాలి. వెనక చక్రాల వెనకాల పెడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది. సగం నిండిన ట్యాంకులో నీళ్లు మలుపు దగ్గర ఒక పక్కకు విసురుగా కొడతాయి. లోపల అడ్డు పలకలు ఉండాలి, ట్యాంకు చక్రాల ఇరుసుకు దగ్గరగా ఉండాలి. బండి నిర్మాణం మార్చినప్పుడు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించుకోవాలి. కిటికీ బండికి ఎడమ వైపే ఉండాలి. మన రోడ్ల మీద బండి ఎడమ పక్కన ఆగుతుంది, ఫుట్‌పాత్ అటే ఉంటుంది. కుడి వైపు కిటికీ పెట్టించుకున్న బండి ముందు నిలబడేవాళ్లు రోడ్డు మధ్యలో నిలబడ్డట్టే.

ఇక అసలు డబ్బు సంపాదించేదీ పోగొట్టేదీ చోటు. ఈవెంట్ నిర్వాహకుడు ఫోన్ చేసి, ‘రెండు రోజుల ఫుడ్ ఫెస్టివల్ సార్, రోజుకు పది వేల మంది వస్తారు, స్టాల్‌కి ఇరవై ఐదు వేలు’ అంటాడు. పది వేలు అన్న మాట వినగానే కళ్లు మెరుస్తాయి. ఇక్కడే గంటకు డెబ్బై అన్న అంకె బయటికి తీయాలి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ప్లేటు సగటున 80 రూపాయలు, సరుకులు, ట్రే, గ్యాసు కలిపి 35 పోతే 45 మిగులుతుంది. ఫెస్టివల్‌లో అసలు గిరాకీ సాయంత్రం ఆరు నుంచి పది దాకా. నాలుగు గంటలు పెనం ఒక్క నిమిషం ఖాళీ లేకుండా తిరిగినా 280 ప్లేట్లు, రెండు రోజులకు 560. వాటి మీద మిగులు 25,200. అద్దె 25,000. మాస్టర్, సహాయకుడి జీతాలు, డీజిల్ రోజుకు 2,500 అనుకుంటే రెండు రోజులకు ఐదు వేలు. అంటే కిటికీ ముందు రెండు రాత్రులూ వరస తెగకుండా ఉన్నా 4,800 నష్టం. జనం ఎంతమంది వచ్చినా పెనం పరిమాణం మారదు కదా.

అదే ఫెస్టివల్‌లో ప్లేటు 120కి అమ్మితే? మిగులు 85 అవుతుంది. కచ్చితంగా అన్ని నిమిషాలూ పని జరగదు కాబట్టి రోజుకు 220 ప్లేట్లు వేసుకుందాం. రెండు రోజుల మీద 37,400 వస్తుంది, అద్దె, ఖర్చులు పోను 7,400 మిగులుతుంది. ఈ లెక్క బాగానే కనిపిస్తుంది, ఒక సాయంత్రం వాన పడనంత వరకు. ఒక రోజు అమ్మకం పోతే 11,300 నష్టం.

అద్దె, ఖర్చులు కలిపి ముప్ఫై వేలు తిరిగి రావాలంటే ఆ రేటుకు 353 ప్లేట్లు, అంటే రోజుకు దాదాపు 177 అమ్మాలి. అంత గిరాకీ ఉందా అన్నది నిర్వాహకుడి పది వేల అంకెలో దొరకదు, స్టాళ్ల సంఖ్యలో దొరుకుతుంది. నలభై తిండి స్టాళ్లు ఉంటే, వచ్చినవాళ్లలో సగం మంది ఏదో ఒకటి తింటారనుకున్నా స్టాల్‌కి 125 మందే. అదే పదిహేను స్టాళ్లయితే మూడు వందల పైన. కాబట్టి అడగాల్సింది మొదట స్టాళ్లెన్ని అని, తర్వాత వాటిలో దోశలు ఎన్ని అని. టికెట్లు ఇప్పటికి ఎన్ని అమ్ముడయ్యాయి, కార్యక్రమం ఎన్ని గంటలు, మధ్యలో విరామం ఉందా అన్నవి తర్వాతి ప్రశ్నలు. గంటన్నర స్టాండప్ కామెడీకి వచ్చినవాళ్లు తిని వస్తారు లేదా వెళ్లి తింటారు. ఆరు గంటల సంగీతోత్సవానికి వచ్చినవాళ్లు అక్కడే తినక తప్పదు.

ఇప్పుడు రెండో రకం చోటు. మూడు వందల ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఆదివారం సాయంత్రం. అసోసియేషన్ అద్దె అడగకుండా అమ్మకంలో పది శాతం తీసుకుంటుంది. మూడు గంటల్లో 150 ప్లేట్లు 80 చొప్పున అమ్మితే, ప్లేటుకు ఎనిమిది రూపాయలు ఇచ్చాక 37 మిగులుతుంది. మొత్తం 5,550, ఖర్చులు పోను 3,050. ఇలాంటి రెండు సాయంత్రాలు కలిపితే 6,100. ఫెస్టివల్ మిగులు కంటే తక్కువే, కానీ వాన పడితే పోయేది రెండున్నర వేలూ కొంత పిండీ మాత్రమే. ముందుగా ముప్ఫై వేలు పెట్టక్కర్లేదు.

మూడోది పుట్టినరోజు, గృహప్రవేశం, ఆఫీసు పార్టీలకు బండిని మాట్లాడుకోవడం. నూట ఇరవై మంది అతిథులకు కలిపి 15,000 అని, సగం ముందుగా తీసుకుని ఒప్పుకుంటే, మనిషికి ఒకటిన్నర ప్లేటు చొప్పున సరుకులు 6,300, ఖర్చులు 2,500 పోను 6,200 చేతికొస్తుంది. ఎంత పిండి రుబ్బాలో ముందే తెలుస్తుంది, మిగిలిపోయేది ఉండదు. పేరు మోగే పెద్ద ఫెస్టివల్ కంటే ఈ సందడి లేని ఆర్డర్లే చాలా బండ్లను నిలబెడతాయన్నది గట్టిగా చెప్పాల్సిన మాట. పెద్ద ఈవెంట్ అద్దెను సంపాదన కింద కాక ప్రచారం కింద రాసుకుని, అక్కడ తిన్నవాళ్లకు పార్టీ ఆర్డర్ల కార్డు ఇవ్వడం తెలివైన పద్ధతి.

క్యాలెండర్ కూడా చూడాలి. నాంపల్లిలో ఏటా జనవరి 1న మొదలై ఫిబ్రవరి మధ్య దాకా సాగే నుమాయిష్ ఉన్న రోజుల్లో సాయంత్రపు జనం అటు మళ్లుతారు. వినాయక చవితి నవరాత్రుల్లో వీధులు కిటకిటలాడినా మండపాల దగ్గర ప్రసాదం, అన్నదానం ఉంటాయి కాబట్టి తిండి కొనేవాళ్లు అనుకున్నంత మంది ఉండరు. కార్తీక మాసంలో మాంసం బండ్లు బోసిపోతే దోశ బండికి గిరాకీ పెరుగుతుంది. రామ్ కీ బండీ ఊరంతా నిద్రపోయే తెల్లవారుజామునే తెరుచుకుని పేరు తెచ్చుకుంది. పోటీ లేని సమయం కూడా ఒక చోటే.

రోడ్డు మీద మామూలు రోజుల్లో నిలపాలంటే అనుమతుల సంగతి వస్తుంది. ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్స్ తప్పనిసరి, ఆ నంబరు బండి మీద కనిపించాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద ఊళ్లలో వెండింగ్ కమిటీలు, జోన్లు ఉన్నాయి. ట్రాఫిక్ పోలీసుల మాట వేరే. 2024 జనవరిలో మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్మే ఒక స్టాల్ సోషల్ మీడియాలో పేరుపొంది జనం ఎగబడటంతో ట్రాఫిక్ స్తంభించింది, పోలీసులు దాన్ని తీయించారు. ముఖ్యమంత్రి జోక్యంతో మళ్లీ అక్కడే కొనసాగింది. ప్రతి బండికీ అలాంటి అండ దొరకదు. వరస ఫుట్‌పాత్ వెంట సాగేలా, వచ్చినవాళ్ల బైకులకు పక్కన ఖాళీ ఉండేలా ఉన్న చోటే గిరాకీని మోయగలదు.

ఈవెంట్ ఖాయమయ్యాక ముందు రోజు మైదానాన్ని ఒకసారి చూసి రావాలి. నల్లరేగడి నేల మీద వాన పడితే నిండు బండి దిగబడుతుంది. నేల వాలుగా ఉంటే పెనం వాలుతుంది, నూనె ఒక మూలకు చేరి, పిండి ఒక పక్క పలచగా, ఇంకో పక్క మందంగా పరుచుకుంటుంది. దోశలు సగం మాడి సగం పచ్చిగా వస్తుంటే మాస్టర్‌ని తిట్టే ముందు పెనం మీద నీళ్లు చల్లి ఎటు పారుతున్నాయో చూడాలి. చక్రాల కింద చెక్క దిమ్మలు రెండు పెడితే సరిపోతుంది. స్పీకర్లకు ఎదురుగా కిటికీ వస్తే ఆర్డర్లు వినిపించవు. కూర్చునే బల్లల దగ్గర, బయటికి వెళ్లే దారి పక్కన చోటు దొరికితే దాని కోసం కాస్త ఎక్కువ అద్దె కట్టినా నష్టం లేదు.

ప్రతి సాయంత్రం ముగిశాక నాలుగు అంకెలు పుస్తకంలో ఎక్కించాలి: ఏ గంటలో ఎన్ని ప్లేట్లు వెళ్లాయి, పిండి ఎంత మిగిలింది, నీళ్ల ట్యాంకులో ఎంత ఉంది, బ్యాటరీ ఎంత దాకా దిగింది. యూపీఐ చెల్లింపుల పట్టికలో సమయం ఉంటుంది కాబట్టి మొదటి అంకెకు పెద్దగా శ్రమ పడక్కర్లేదు. ఏడు నుంచి తొమ్మిది దాకా గంటకు డెబ్బై చొప్పున సాగి, అప్పటికీ వరసలో ఉన్నవాళ్లు విసుగొచ్చి వెళ్లిపోతుంటే ఆ చోటుకి రెండో పెనమో, కాస్త ఎక్కువ ధరో కావాలి. గంటకు ముప్ఫై దగ్గరే ఆగిపోతే మెనూలో కొత్త పేరు రాసినా లాభం ఉండదు, చోటు మార్చాలి.